నిమ్మకాయ పిండితే పొంగే గ్యాసుకు పన్ను ఎవరు కట్టాలి?

(కడపలో ఎకనామిక్స్ డిగ్రీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసుకున్నది, అక్కడక్కడా మాత్రమే సరిదిద్దాను.)

వెనక కూర్చున్నవాళ్లకు వినిపిస్తోందా? మైక్ కొంచెం కీచుమంటోంది, ఓర్చుకోండి.

ముందు ఒక చిన్న పని చూపిస్తాను. ఇది మన నాపరాయి ముక్క, మీ ఇళ్లల్లో వంటగదిలో పరిచి ఉంటుంది. ఇదిగో సగం నిమ్మకాయ. పిండుతున్నా. ముందు వరసలో ఉన్నవాళ్లు దగ్గరికి వచ్చి చూడండి, రసం పడిన చోట సన్నగా బుడగలు వస్తున్నాయి, కాసేపటికి అక్కడ పాలిష్ పోయి తెల్లమచ్చ పడుతుంది. మీ అమ్మ చింతపండు రసం బండ మీద ఒలికిస్తే తిట్టేది ఇందుకే. ఆ బుడగల్లో ఉన్నది కార్బన్ డయాక్సైడ్. రాయిలో కోట్ల ఏళ్లుగా ఇరుక్కుని ఉన్న గ్యాసు, పులుపు తగలగానే బయటికొచ్చింది.

ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీల్లో జరిగేది కూడా ఇదే, కాకపోతే నిమ్మకాయ బదులు మంట. సున్నపురాయిని దాదాపు 900 డిగ్రీల వేడికి తీసుకెళ్తే అది విడిపోతుంది. స్వచ్ఛమైన సున్నపురాయి 100 కిలోలు కాలిస్తే 56 కిలోల సున్నం మిగిలి 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ చిమ్నీలోంచి పోతుంది. ఆ తర్వాత ఇంకా వేడెక్కించి, 1450 డిగ్రీల దగ్గర, క్లింకర్ అనే గట్టి ఉండలు చేస్తారు, వాటిని పొడి చేస్తేనే సిమెంటు. ఇందులో మీరు గట్టిగా పట్టుకోవాల్సిన మాట ఒకటుంది. సిమెంటు ఫ్యాక్టరీ వదిలే కార్బన్‌లో సగానికి పైగా రాయిలోంచే వస్తుంది, బొగ్గులోంచి కాదు. రేపు బొగ్గు మానేసి సోలార్ కరెంటుతో కిల్న్, అంటే ఆ రాయి కాల్చే కొలిమి, నడిపినా ఆ సగం ఆగదు. తగ్గించాలంటే క్లింకర్ వాడకమే తగ్గించాలి, అంటే సిమెంటులో ముద్దనూరు దగ్గరి ఆర్‌టీపీపీ లాంటి థర్మల్ స్టేషన్ల నుంచి వచ్చే బొగ్గు బూడిద, ఫ్లై యాష్, కలపాలి. పీపీసీ అని మూట మీద రాసి ఉంటుంది చూడండి, అందులో 35 శాతం దాకా బూడిద కలపడానికి మన ప్రమాణాలు ఒప్పుకుంటాయి.

సరే, ఇప్పుడు డబ్బు సంగతికి వద్దాం. ఆ గ్యాసు గాలిలోకి వదిలినందుకు ఫ్యాక్టరీ ఎవరికీ ఏమీ కట్టదు. దానికి ధర పెట్టాలి అన్న ఆలోచన పాతదే, 1920లో పిగూ అనే ఇంగ్లండు ఆర్థికవేత్త చెప్పాడు, ఎంత నష్టం చేస్తే అంత పన్ను వెయ్యమని. రెండో దారి 1968లో కెనడా ఆర్థికవేత్త డేల్స్ చెప్పాడు. పన్ను ఎంతో లెక్కేసుకుంటూ కూర్చోకండి, మొత్తం ఎంత మురికి వదలొచ్చో ముందే తేల్చి, అన్ని పర్మిట్లు ముద్రించి, వాటిని కొనుక్కోనివ్వండి, అమ్ముకోనివ్వండి, ధర అదే తేలుతుంది అన్నాడు. పరీక్షల్లో ఈ రెండింటికీ తేడాలు రాయమని అడుగుతారు, మీరు ఎడమ పక్క ఆరు, కుడి పక్క ఆరు పాయింట్లు రాస్తారు. నేనైతే ఆ ప్రశ్నే తప్పంటాను. అంచనాలన్నీ సరిగ్గా కుదిరితే రెండింటికీ దాదాపు తేడానే లేదు. అంచనా తప్పినప్పుడు ఏది ఎటు విరుగుతుంది అన్నదే తేడా. అది లెక్క వేసి చూపిస్తా, కాగితం తీయండి.

రెండు ఫ్యాక్టరీలు అనుకుందాం, ఊహించుకున్నవే. ఒకటి థర్మల్ స్టేషన్‌కు దగ్గర్లో ఉంది, దాన్ని దగ్గరిది అందాం. ఇంకోటి దూరంలో ఉంది, దానికి బూడిద లారీ కిరాయే తడిసి మోపెడవుతుంది. ఏడాదికి ఒక్కొక్కటి లక్ష టన్నుల కార్బన్ వదులుతున్నాయి, మొత్తం రెండు లక్షలు. (నిజం ఫ్యాక్టరీలు దీనికి ఎన్నో రెట్లు వదులుతాయి, లెక్క తేలిగ్గా ఉండాలని చిన్న అంకెలు పెట్టాను.) మొదటి టన్ను తగ్గించడం ఎవరికైనా సులువే, పోనుపోను కష్టం. దగ్గరిదానికి వెయ్యి టన్నులు తగ్గించేసరికి ఆఖరి టన్ను ఖర్చు 50 రూపాయలు, రెండు వేల టన్నుల దగ్గర 100, అలా ప్రతి వెయ్యికీ ఇంకో 50 పెరుగుతుంది. దూరందానికి అదే 100 చొప్పున పెరుగుతుంది. ప్రభుత్వానికి మొత్తం మీద 30 వేల టన్నులు తగ్గాలి.

పాత పద్ధతి అయితే తలా 15 వేలు తగ్గించండి అని ఆర్డర్ వేస్తారు. దగ్గరిదానికి 56 లక్షల 25 వేలు ఖర్చు, దూరందానికి కోటి 12 లక్షల 50 వేలు. కలిపితే కోటి 68 లక్షల 75 వేలు. ఇందులో ఏం తేడా కొడుతోందో చూడండి, దగ్గరిది 750 రూపాయల దగ్గర ఆగిపోయింది, దూరంది మాత్రం ఆఖరి టన్నుకు 1500 పెడుతోంది. ఆ టన్నేదో దగ్గరిదే తగ్గించి ఉంటే సగం డబ్బుకే అయ్యేది కదా.

ఇప్పుడు టన్నుకు వెయ్యి రూపాయలు పన్ను వేద్దాం. ఫ్యాక్టరీ మేనేజర్ ఏం చేస్తాడు? తగ్గించే ఖర్చు వెయ్యి కంటే తక్కువున్నంతసేపూ తగ్గిస్తాడు, దాటగానే పన్ను కట్టేస్తాడు. దగ్గరిది 20 వేలు తగ్గిస్తుంది, దూరంది 10 వేలు. తగ్గించిన ఖర్చు ఒకదానికి కోటి, ఇంకోదానికి 50 లక్షలు, మొత్తం కోటిన్నర. ఆర్డర్ వేసినదాని కంటే 18 లక్షల 75 వేలు మిగిలింది, తగ్గిన కార్బన్ మాత్రం అంతే. పైగా ఎవరి ఖర్చు ఎంతో ప్రభుత్వం ఏ ఒక్కరినీ అడగలేదు.

అదే పర్మిట్ల పద్ధతిలో చేద్దాం. లక్షా 70 వేల పర్మిట్లు ముద్రించి తలా 85 వేలు ఊరికే పంచేశారు. దగ్గరిది 80 వేలతో సరిపెట్టుకుని 5 వేలు అమ్ముతుంది, దూరంది ఆ 5 వేలు కొనుక్కుని 90 వేలతో బతుకుతుంది. బేరం ఎక్కడ కుదురుతుంది? వెయ్యి దగ్గరే. అంతకంటే తక్కువైతే కొనేవాళ్లకు చాలవు, ఎక్కువైతే అమ్మేవాళ్లకు మిగిలిపోతాయి. చూశారా, అదే ధర, అదే కార్బన్, అదే ఖర్చు. మారిందల్లా డబ్బు ఎవరి జేబులోకి పోయిందన్నదే. పన్నయితే ఖజానాకు 17 కోట్లు. ఊరికే పంచిన పర్మిట్లయితే ఖజానాకు సున్నా, 50 లక్షలు మాత్రం ఒక ఫ్యాక్టరీ నుంచి ఇంకోదానికి. పర్మిట్లను వేలం వేస్తే మళ్లీ 17 కోట్లే.

ఏం అబ్బీ, చెయ్యెత్తావు?

(ఒక విద్యార్థి: సార్, పర్మిట్లు ఊరికే ఇస్తే వాళ్లు ఎందుకు తగ్గిస్తారు?)

మంచి ప్రశ్న. మీ ఇంట్లో శెనక్కాయలు పండాయి, కొన్ని విత్తనానికి దాచారు. అవి ఊరికే ఉన్నాయి కదా అని మీ నాన్న వేయించుకుని తినేస్తాడా? మార్కెట్‌లో విత్తనం రేటు ఎంతుందో అంత ఆయన నోట్లోకి పోతున్నట్టే. పర్మిట్ కూడా అంతే, చేతిలో ఉన్నది వాడేస్తే అమ్ముకునే డబ్బు పోతుంది. యూరప్‌లో కరెంటు కంపెనీలు ఈ సూత్రాన్ని బాగా వంటబట్టించుకున్నాయి. పర్మిట్లు ఊరికే తీసుకుని, వాటి మార్కెట్ రేటును కరెంటు ధరలో కలిపి జనం దగ్గర వసూలు చేశాయి. చట్టం తప్పిందేమీ లేదు, ఎకనామిక్స్ అలాగే చెబుతుంది. కానీ జనానికి మండింది, 2013 నుంచి అక్కడ కరెంటు కంపెనీలకు చాలావరకు వేలంలోనే ఇస్తున్నారు.

ఇప్పుడు అసలు సంగతి, అంచనా తప్పడం. బూడిదకు గిరాకీ పెరిగి, లారీ కిరాయిలు పెరిగి, తగ్గించే ఖర్చు మనం అనుకున్నదానికి రెట్టింపు అయిందనుకోండి. పన్ను వెయ్యి దగ్గరే ఉంది. దగ్గరిది 10 వేల టన్నుల దగ్గర, దూరంది 5 వేల దగ్గర ఆగిపోతాయి. మనకు కావల్సింది 30, తగ్గింది 15. ఫ్యాక్టరీల లెక్కలు పెద్దగా తలకిందులవలేదు, గాలి మాత్రం మనం అనుకున్నంత బాగుపడలేదు. పర్మిట్లయితే 30 వేలు తగ్గే తీరుతుంది, ధర మాత్రం 2000కు ఎగబాకుతుంది. అప్పుడు మేనేజర్లు టెన్షన్ పడి రాజధానికి పరుగెత్తుతారు, ఇంకొన్ని పర్మిట్లు ముద్రించమని.

రెండో రకం తప్పు ఇంకా ముఖ్యం. ఇళ్లు కట్టేవాళ్లు తగ్గి, సిమెంటు అమ్మకాలు పడిపోయి, ఉత్పత్తి 15 శాతం తగ్గిందనుకోండి. రెండు లక్షలు కాస్తా లక్షా 70 వేలు అయిపోతుంది, ఎవరూ వేలు కదపకుండానే. పర్మిట్లు సరిగ్గా అన్నే ఉన్నాయి. ఇంక ఎవరికి కావాలి? ధర నేలకు తగులుతుంది. బూడిద కలిపే మిషన్ పెట్టడానికి అప్పు తెచ్చినవాడు తెల్లమొహం వేస్తాడు. పన్నయితే ఆ ఏడాదీ వెయ్యే, తగ్గించిన ప్రతి టన్నుకూ వెయ్యి మిగులుతూనే ఉంటుంది.

ఇది ఊహ కాదు. యూరప్‌లో 2005లో కార్బన్ పర్మిట్ల మార్కెట్ మొదలైంది. 2006 ఏప్రిల్‌కు టన్ను ధర 30 యూరోల దాకా పోయింది. అప్పటిదాకా ఎవరు ఎంత వదులుతున్నారో నిజం లెక్క ఎవరి దగ్గరా లేదు, కంపెనీలు, దేశాలు తమకు ఇంత కావాలని చెప్పిన అంచనాల మీదే పర్మిట్లు పంచారు. అడిగేవాడు తక్కువెందుకు అడుగుతాడు? ఆ ఏప్రిల్ చివర్లో మొదటిసారి తనిఖీ చేసిన లెక్కలు బయటికొచ్చాయి, చూస్తే వదిలిన కార్బన్ కంటే పంచిన పర్మిట్లే ఎక్కువ. కొద్ది రోజుల్లో ధర సగానికి పడింది. దాని పైన ఇంకో తప్పు, ఆ మూడేళ్ల పర్మిట్లు 2007 తర్వాత వదిలే కార్బన్‌కు చెల్లవు. తారీఖు అయిపోయిన పాల ప్యాకెట్ ఎవరు కొంటారు? 2007 ఆఖరికి టన్ను కొన్ని యూరో సెంట్లకే దొరికింది. తర్వాత దాచుకోవడానికి ఒప్పుకున్నారు, కానీ ఈలోగా 2008 మాంద్యం వచ్చి ఫ్యాక్టరీలు పడుకున్నాయి, మిగిలిన పర్మిట్లు రెండు వందల కోట్ల దాకా పేరుకుపోయాయి, ధర 5 యూరోల కిందికి వచ్చింది. మిగులును మార్కెట్‌లోంచి తీసి పక్కన పెట్టే ఏర్పాటు 2019లో గానీ పనిలోకి రాలేదు. 2023 ఫిబ్రవరిలో అదే టన్ను వంద యూరోలు దాటింది. పర్మిట్ల ధర ఇలాగే ఉంటుంది, దాన్ని నమ్ముకుని ముప్పై ఏళ్లు నడిచే కిల్న్ కట్టమంటే ఎవరు కడతారో చెప్పండి.

అయితే పన్నే మేలా? 1974లో వైట్జ్‌మన్ అనే అమెరికా ఆర్థికవేత్త దీనికో కొలబద్ద ఇచ్చాడు. కొంచెం ఎక్కువైనా కొంప మునిగేది అయితే కొలత బిగించు, పర్మిట్లు పెట్టు. కొంచెం అటూ ఇటూ అయినా ఆ ఏడాదికేమీ మునగదు అనుకుంటే ధర బిగించు, పన్ను వేసెయ్. కార్బన్ గాలిలో వందల ఏళ్లు పేరుకునేది, ఒక్క ఏడాదిలో 15 వేల టన్నులు ఎక్కువైతే రేపే ఏమీ కాదు, కాబట్టి ధర స్థిరంగా ఉండటమే మేలని చాలామంది వాదన. నాదీ అదే మొగ్గు. కానీ పన్ను రాజకీయంగా బతకడం కష్టం, అదీ చెప్పాలి. ఆస్ట్రేలియా 2012లో టన్నుకు 23 డాలర్లు పెట్టి 2014లో ఎత్తేసింది.

మన దేశం ఏం చేసిందో చూద్దాం, ఇక్కడే నిమ్మకాయ మళ్లీ వస్తుంది. 2010లో బొగ్గు మీద టన్నుకు 50 రూపాయల సెస్ వేశారు, అది 2016కు 400 అయింది. పేరుకు కార్బన్ పన్ను కాదు గానీ పని కొంత అలాంటిదే. 2017లో జీఎస్‌టీ వచ్చాక ఆ 400 రాష్ట్రాలకిచ్చే పరిహారం ఖాతాలోకి పోయింది. 2025 సెప్టెంబర్‌లో ఆ సెస్ తీసేసి, బొగ్గు మీద జీఎస్‌టీని 5 నుంచి 18 శాతానికి పెంచారు. పేపర్లో చదివి బొగ్గు మీద పన్ను పెరిగిందనుకున్నారు కదా? సిమెంటు ఫ్యాక్టరీ వైపు నుంచి చూడండి. పాత సెస్‌కు వాపసు లేదు, కట్టింది కట్టినట్టే ఖర్చు. జీఎస్‌టీ అలా కాదు, బొగ్గు మీద కట్టిన 18 శాతాన్ని సిమెంటు అమ్మినప్పుడు కట్టాల్సిన దాంట్లోంచి తగ్గించుకుంటారు. అంటే కిల్న్‌లో వేసే బొగ్గు మీద ఆ మాత్రం ఉన్న కార్బన్ ధర కూడా పోయింది. థర్మల్ స్టేషన్‌కు ఇది వర్తించదు, కరెంటు జీఎస్‌టీలో లేదు కాబట్టి వాళ్లు కట్టింది వాపసు రాదు.

దీనికంటే పెద్ద లోపం మొదటినుంచీ ఉంది. పన్ను బొగ్గు మీద వేశారు, చిమ్నీ మీద కాదు. ఇందాక బండ మీద బుడగలు చూశారు కదా, అందులో బొగ్గు ఎక్కడుంది? రాయిలోంచి వచ్చే ఆ సగానికి పైగా కార్బన్‌కు 2010లోనూ ధర లేదు, 2016లోనూ లేదు. బొగ్గు మీద ఎంత వేసినా ఫ్యాక్టరీ పొదుపుగా మండించడం నేర్చుకుంటుంది, క్లింకర్ తగ్గించడం మాత్రం అంతగా నేర్చుకోదు.

ఇప్పుడు కొత్తగా వస్తున్నది కార్బన్ క్రెడిట్ల వ్యాపార పథకం. 2023లో నోటిఫై చేశారు, 2025 అక్టోబర్‌లో సిమెంటుతో పాటు అల్యూమినియం, క్లోర్ ఆల్కలీ, కాగితం ఫ్యాక్టరీలకు లక్ష్యాలిచ్చారు. ఇందులో మంచి ఏమిటంటే కొలిచేది ఫ్యాక్టరీ నుంచి వచ్చే వాయువులను, కాబట్టి రాయి గ్యాసు కూడా లెక్కలోకి వస్తుంది. కానీ ఇది డేల్స్ చెప్పిన పర్మిట్ల పద్ధతి కాదు, చాలామంది అలా అనుకుని వ్యాసాలు రాసేస్తున్నారు. ఇక్కడ మొత్తం మీద గీత లేదు, టన్ను సరుకుకు ఇంత అని గీత. గీత కిందికి దిగినవాళ్లకు క్రెడిట్లు వస్తాయి, గీత దాటినవాళ్లు వాటిని కొనాలి. ఉదాహరణకు టన్ను సిమెంటుకు 0.58 టన్నుల కార్బన్ లక్ష్యం అనుకోండి. 10 లక్షల టన్నులు చేస్తే 5 లక్షల 80 వేలు వదలొచ్చు. 12 లక్షలు చేస్తే 6 లక్షల 96 వేలు వదలొచ్చు, ఒక్క క్రెడిట్ కొనక్కర్లేదు. గాలికి లక్షా 16 వేల టన్నులు ఎక్కువ చేరినా ఫ్యాక్టరీ తప్పేమీ చేయనట్టే. ఎదుగుతున్న దేశం కాబట్టి ఇలా పెట్టారు, దానికో లాభం కూడా ఉంది, అమ్మకాలు పడిపోయినప్పుడు ఊరికే మిగిలే పర్మిట్లు ఉండవు, యూరప్‌లో జరిగినట్టు మాంద్యం ఒక్కటే ధరను కూల్చేయడం కుదరదు. కానీ లక్ష్యం మరీ తేలిగ్గా పెడితే అందరూ అమ్మేవాళ్లే, కొనేవాళ్లుండరు. ఇది పనిచేస్తోందో లేదో చూడాలంటే ప్రకటనలు చదవొద్దు, క్రెడిట్ రేటు చూడండి, కొనేవాళ్లున్నారో లేదో చూడండి.

నిజంగా మొత్తం మీద గీత గీసిన పథకం మన దేశంలోనే ఒకటుంది, సూరత్‌లో. కార్బన్‌కు కాదు, పొగలో వచ్చే దుమ్ముకు. 2019లో గుజరాత్ కాలుష్య నియంత్రణ మండలి మొదలుపెట్టింది, దాదాపు మూడు వందల ఫ్యాక్టరీలు, ఎక్కువగా బట్టల రంగులద్దకం వాళ్లవి. ముందు చిమ్నీలకు ఎప్పటికప్పుడు కొలిచే మీటర్లు పెట్టించారు, ఆ తర్వాతే బేరాలు. యూరప్ చేసిన తప్పును ఇక్కడ తిరగేశారన్నమాట. ధరకు కింద కిలోకు 5 రూపాయల అడుగు, పైన 100 రూపాయల కప్పు పెట్టారు. ఆ అడుగూ కప్పూ ఉన్నాయే, అవి పర్మిట్ల పద్ధతిలోకి పన్నును తెచ్చి కలపడమే. ధర 5 దగ్గరికి పడితే అది 5 రూపాయల పన్నులా పనిచేస్తుంది, 100 దగ్గరికి పోతే 100 రూపాయల పన్నులా. పథకంలో లేని ఫ్యాక్టరీలతో పోల్చి చూస్తే దుమ్ము 20 నుంచి 30 శాతం తగ్గింది. మన ఎర్రగుంట్లకు ఏదైనా పెట్టమంటే నేను ఈ అచ్చులోనే పెట్టమంటాను, కాకపోతే అడుగు కొంచెం గట్టిగా వేసి.

ఇంకో ప్రశ్న ఉందా? చెప్పమ్మా.

(ఒక విద్యార్థిని: సార్, ఇదంతా చివరికి సిమెంటు మూట మీదే పడుతుంది కదా? మా ఇల్లు ఇప్పుడే కడుతున్నాం.)

పడుతుంది తల్లీ, ఎంత పడుతుందో లెక్క వేద్దాం. టన్ను సిమెంటుకు 0.6 టన్నుల కార్బన్ అనుకుంటే 50 కిలోల మూటకు 30 కిలోలు. టన్నుకు వెయ్యి చొప్పున చిమ్నీ మీద పూర్తి పన్ను వేస్తే మూటకు 30 రూపాయలు. ఇప్పటి క్రెడిట్ల పద్ధతిలో అయితే ఫ్యాక్టరీ 0.58 చేరుకోలేక 0.6 దగ్గరే ఉండిపోతే ఆ 0.02కే క్రెడిట్లు కొనాలి, అదే వెయ్యి రేటు మీద టన్ను సిమెంటుకు 20 రూపాయలు, మూటకు ఒక్క రూపాయి. మీ ఇంటికి 400 మూటలు పడతాయనుకుందాం, పన్నయితే 12 వేలు, క్రెడిట్లయితే 400. మీ నాన్నకు రెండోదే నచ్చుతుంది. కానీ మేస్త్రీతో, ఈ గోడకు పీపీసీ చాలదా, ఇక్కడ సిమెంటు తగ్గించి రాయి వేయొచ్చా అని ఆయన బేరం మొదలుపెట్టేది మూటకు 30 పెరిగినప్పుడు, ఒక్క రూపాయి పెరిగితే ఆయనకు తెలియను కూడా తెలియదు. ఆ 12 వేలల్లో ఎంత మళ్లీ మీ ఇంటికి ఏ రూపంలో తిరిగొస్తుందన్నది వేరే ప్రశ్న, దానికి ఇంకో గంట కావాలి, బయట మీ బస్సు హారన్ కొడుతోంది.

ఆ బండ ముక్క ఎవరైనా కడిగి పెట్టండి, మా ఇంట్లోంచి చెప్పకుండా తెచ్చాను.